యాత్రికుడి గడప ఎక్కడుంది?

(తీర్థయాత్రా కథనాల విశ్లేషణపై విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ సిద్ధాంతం తర్వాత చూద్దాం, ముందు ఒక విమానాశ్రయం దగ్గరికి వెళ్దాం.

1964 ఏప్రిల్. ఊరు జెద్దా. కైరో నుంచి వచ్చిన విమానంలోంచి హజ్ యాత్రికులు దిగారు. వాళ్ళలో 38 ఏళ్ళ మనిషి ఒకాయన ఉన్నాడు. నడుముకు ఒక తెల్లటి గుడ్డ, భుజం మీదుగా ఇంకో తెల్లటి గుడ్డ, కాళ్ళకు చెప్పులు. అందరిదీ అదే వేషం. అందరూ తనిఖీ దాటి ముందుకు పోతున్నారు, ఈయన్ని మాత్రం ఆపేశారు. చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టు, నోట అరబ్బీ మాట రాదు. నిజంగా ముస్లిమేనా అని అధికారులకు అనుమానం వచ్చింది. అది తేల్చాల్సింది హజ్ న్యాయస్థానం. శుక్రవారం కావడంతో ఆ రోజు అది నడవదు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకుని, విమానాశ్రయం పక్కనే యాత్రికులు బస చేసే భవనానికి పంపించారు.

ఆ మనిషి మాల్కమ్ ఎక్స్. అమెరికాలో ఆయన మాట్లాడితే వేలమంది వినేవారు. నేషన్ ఆఫ్ ఇస్లాం అనే అమెరికా నల్లజాతి ముస్లింల సంస్థలో ఏళ్ళ తరబడి మతబోధకుడిగా ఉండి, ఆ మార్చి నెలలోనే దాన్ని వదిలేశాడు. అలాంటి మనిషికి ఇక్కడ నమాజు ఎలా చేయాలో ఒకరు పక్కన కూర్చుని చూపించాల్సి వచ్చింది. అరబ్బీలో ప్రార్థన రాదు. అలవాటు లేని చీలమండలు ఆ భంగిమకు వంగలేదు, నొప్పి పెట్టాయి. ఇన్నేళ్ళు బోధకుణ్ణి అనిపించుకుని ఇది కూడా నేర్చుకోలేదే అని సిగ్గుపడ్డానని ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు.

ఈ ఘట్టాన్ని మనసులో ఉంచుకోండి. మనం రాయబోయే చిన్న పేపరు అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు సిద్ధాంతం, క్లుప్తంగా. 1909లో ఆర్నల్డ్ వాన్ గెన్నెప్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు ఒక మాట చెప్పాడు. మనిషి ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే కర్మకాండలకు ప్రపంచమంతటా ఒకే రకమైన అల్లిక కనిపిస్తుందన్నాడు. మొదట పాత స్థితి నుంచి విడిపోవడం, తర్వాత మధ్యలో ఉండటం, చివరికి కొత్త స్థితిలో సమాజంలోకి తిరిగి చేరడం. ఆ మధ్య దశకు లాటిన్ మాట లిమెన్ నుంచి పేరు పెట్టాడు. లిమెన్ అంటే గడప. మనకు ఇంతకన్నా సులువైన మాట అక్కర్లేదు. గడప మీద ఉన్నవాడు లోపలా లేడు, బయటా లేడు. అందుకే నేను లిమినాలిటీని గడప స్థితి అంటాను. మీ పేపర్లో లిమినాలిటీ అనే రాసుకోవచ్చు, కానీ రాసిన ప్రతిసారీ గడప కళ్ళముందు కనబడాలి.

జాంబియాలోని ఎన్‌డెంబు ప్రజల మధ్య 1950లలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త విక్టర్ టర్నర్ ఈ మధ్య దశను పట్టుకుని చాలా ముందుకు తీసుకెళ్ళాడు. గడప మీద ఉన్నవాళ్ళకు హోదా, ఆస్తి, ప్రత్యేకమైన దుస్తులు ఏవీ ఉండవు. నేర్పినట్టు నడుచుకోవాలి. అలా అన్నీ వదిలిన మనుషుల మధ్య ఒక గాఢమైన సమానత్వం పుడుతుంది. దానికి ఆయన పెట్టిన పేరు కమ్యూనిటాస్. తర్వాత ఆయన, ఆయన భార్య ఈడిత్ కలిసి క్రైస్తవ తీర్థయాత్రల మీద 1978లో ఒక పుస్తకం తెచ్చారు. యాత్రికుడు కూడా ఇల్లు వదిలి, దారిలో సమానుల గుంపులో కలిసి, మారిన మనిషిగా తిరిగొస్తాడనేది వాళ్ళ వాదన. హజ్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మీకాత్ అనే హద్దు ఒకటి ఉంది. దాన్ని దాటే ముందే ఇహ్రామ్, అంటే ఇందాక చెప్పిన ఆ తెల్లటి గుడ్డలు, ధరించాలి. ధరించాక వేట, దాంపత్యం, సుగంధాలు, జుట్టు కత్తిరించుకోవడం అన్నీ నిషేధం. చివర్లో జుట్టు తీయించుకుని ఆ స్థితిలోంచి బయటికి వస్తారు. లోపలికి వెళ్ళే గుర్తూ ఉంది, బయటికి వచ్చే గుర్తూ ఉంది.

ఇక్కడే చాలామంది విద్యార్థుల పేపర్లు చెడతాయి. మూడు దశలు మూడు గదుల్లా దొరికాయి కదా అని కథనాన్ని తెచ్చి వాటిలో సర్దేస్తారు. న్యూయార్క్‌లో విమానమెక్కడం విడిపోవడం, మక్కా గడప, తిరిగి రావడం చేరిక, అయిపోయింది. నేను దిద్దిన పేపర్లలో ఇలాంటివే ఎక్కువ. వాటిలో తప్పు ఉండదు, అదే ఇబ్బంది. అలాంటి పేపర్లో యాత్రికుడి పేరు కొట్టేసి ఇంకో యాత్రికుడి పేరు రాసి చూడండి. వాక్యాలు చెక్కుచెదరకుండా నిలబడితే, ఆ పేపరు టర్నర్ గురించి రాసినదే తప్ప ఆ కథనం గురించి రాసినది కాదు.

మాల్కమ్ ఎక్స్ విషయంలో ఈ ప్రమాదం రెట్టింపు. టర్నర్ స్వయంగా 1970లలో యాత్రల గురించి రాస్తూ ఈ కథనాన్ని కమ్యూనిటాస్‌కు ఉదాహరణగా తీసుకున్నాడు. సిద్ధాంతకర్తే వాడుకున్న ఉదాహరణతో సిద్ధాంతం నిజమని మళ్ళీ నిరూపిస్తే కొత్తగా ఏం తేలింది? అందుకని మనం కథనాన్ని ఇంకోలా అడుగుదాం. గడప ఎక్కడుందో ముందే అనుకోకుండా వెతుకుదాం.

పద్ధతి చెబుతాను. పుస్తకమంతా తీసుకోకండి. చిన్న పేపరంటే 1500 మాటలు. అందులో రెండు పేజీల మూలపాఠం కన్నా ఎక్కువ పట్టదు. రెండు ఘట్టాలు ఎంచుకోండి. పెన్సిలు పట్టుకుని చదువుతూ రెండే ప్రశ్నలు వేయండి. ఒకటి, ఇక్కడ కర్త ఎవరు? "నేను" అంటున్నాడా, "మేము" అంటున్నాడా, లేక "నన్ను" అంటున్నాడా? రెండు, తలుపు ఎవరు తీశారు? ఈ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టం. యాత్రా కథనాల్లో తలుపులు వాటంతట అవి తెరుచుకోవు. ఎవరో ఒకరు తీస్తారు, ఎందుకు తీశారో కథకుడు ఒక్కోసారి ఒకే వాక్యంలో దాటేస్తాడు.

మళ్ళీ జెద్దా భవనానికి వద్దాం. ఆ పేజీల్లో మాల్కమ్ ఎక్స్ ఎక్కువగా కర్మ స్థానంలో ఉంటాడు. తనను ఆపారు, తన పాస్‌పోర్టు తీసుకున్నారు, తనను తీసుకెళ్ళారు, తనకు చూపించారు. ఉపన్యాసాల్లో ఎప్పుడూ కర్తగా ఉన్న మనిషి ఇక్కడ క్రియను మోసే వస్తువైపోయాడు. భాష లేదు, పేరుకు విలువ లేదు, నేర్చిన విద్య పనికిరాలేదు. శరీరం కూడా మాట వినడం లేదు. గదిలో తివాచీల మీద పడుకుని, అక్కడే తిని, అక్కడే ప్రార్థించే రకరకాల దేశాలవాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. చూడటం తప్ప చేయగలిగింది లేదు. ముస్లిం అని ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఇంతకన్నా గడప ఇంకెక్కడ ఉంటుంది? దీక్ష తీసుకుంటున్న కుర్రవాడి గురించి టర్నర్ చెప్పిన లక్షణాలన్నీ ఇక్కడున్నాయి. కాకపోతే ఇది పవిత్ర స్థలం కాదు, పాస్‌పోర్టుల తనిఖీ. కర్మకాండ పెట్టిన గడప కాదు, రాజ్యం పెట్టిన గడప. ఇహ్రామ్ ఆయన్ని అందరిలా చేసింది, పాస్‌పోర్టు వెంటనే మళ్ళీ వేరు చేసింది. ఈ రెండూ ఒకే శరీరం మీద ఒకే ప్రయాణంలో జరిగాయి. మీ పేపర్లో ఒక పేరా మొత్తం ఈ ఒక్క విషయానికి ఇవ్వండి, తొందరపడకండి.

మరి తలుపు ఎవరు తీశారు? ఆయన దగ్గర ఒక ఫోన్ నంబరు ఉంది. పేరున్న అరబ్ దౌత్యవేత్త అబ్దుల్ రహమాన్ అజ్జామ్ కొడుకు నంబరు అది. చివరికి ఆ సంగతి గుర్తొచ్చి ఫోన్ చేయించాడు. ఆ కొడుకు స్వయంగా వచ్చాడు. పాస్‌పోర్టు చేతికొచ్చింది. తండ్రి అజ్జామ్ హోటల్లో తన గదుల్నే అతిథికి ఇచ్చేశాడు. ఆ తర్వాత న్యాయస్థానం ఆయన్ని ముస్లింగా ఒప్పుకుంది. యువరాజు ఫైసల్ ఆయన్ని రాజ్య అతిథిగా స్వీకరించాడు. కారు, డ్రైవరు, మార్గదర్శి అన్నీ సమకూరాయి.

ఇప్పుడు వరస గమనించండి. మూడు గదుల పద్ధతి ప్రకారం మక్కాకు దగ్గరయ్యే కొద్దీ హోదా కరిగిపోవాలి. ఈ కథనంలో జరిగింది తలకిందులు. హోదా పూర్తిగా పోయింది విమానాశ్రయంలో. కాబా ముందుకు వచ్చేసరికి ఆయన రాజ్య అతిథి. అయినా సమానత్వం గురించిన గొప్ప మాటలన్నీ ఆయన మక్కా గురించే రాశాడు. ఏప్రిల్ 20న మక్కా నుంచి అమెరికాకు రాసిన లేఖలో, అన్ని రంగుల మనుషులతో కలిసి ఒకే పళ్ళెంలో తిన్నానని, ఒకే గ్లాసులో తాగానని, ఒకే తివాచీ మీద పడుకున్నానని, నీలి కళ్ళ తెల్లవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారని చెప్పాడు.

ఈ తేడానే మీ పేపరుకు ప్రశ్న. గడప అనుభవం ఒకచోట గాఢంగా ఉండి, సమత గురించిన మాట ఇంకోచోట ఎందుకు వచ్చింది?

జవాబు కోసం లేఖను లేఖగా చూడాలి. డైరీ అయితే తన కోసం రాసుకుంటాడు. ఇది న్యూయార్క్‌లోని నల్లవాళ్ళ పేట హార్లెంలో ఉన్న తన అనుచరులకు రాశాడు, పత్రికలకు కూడా ప్రతులు ఇమ్మన్నాడు. అంటే రాసేటప్పుడే ఆయన ముఖం ఇంటివైపు తిరిగి ఉంది. పళ్ళెం, గ్లాసు, తివాచీ, ఈ మూడింటినీ ఎందుకు ఎంచుకున్నాడు? అప్పటి అమెరికాలో నల్లవాళ్ళను దూరం పెట్టిన చోట్లు హోటళ్ళు, నీళ్ళ కుళాయిలు, బసలు. తిండి, నీళ్ళు, పడక. ఆయన మక్కాను వర్ణిస్తూ అమెరికాకు జవాబు చెబుతున్నాడు. ఆ వస్తువులు అబద్ధమని కాదు నేననేది. చూసిన వెయ్యి విషయాల్లో ఆ మూడే కాగితం మీదికి ఎందుకు వచ్చాయన్నది విశ్లేషణ. టర్నర్ దగ్గరే దీనికి ఒక పనిముట్టు ఉంది. ఉన్నపళంగా పుట్టే కమ్యూనిటాస్ వేరు, దాన్నొక ఆదర్శంగా మాటల్లో నిలబెట్టే కమ్యూనిటాస్ వేరు అన్నాడాయన. లేఖలో ఉన్నది రెండోది. విమానాశ్రయంలో పడుకున్న గదిలో మొదటిది ఉందా అంటే, ఆ పేజీల్లో "మేము" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి మీరే చెప్పండి. నా చదువులో ఆ గది సోదరభావం కన్నా ఒంటరితనమే ఎక్కువ చెబుతుంది.

ఇంకో చోటుంది, దాన్ని వదిలేస్తే పేపరు బలహీనపడుతుంది. అదే ఆత్మకథలో ఆయన అంటాడు, జనసమూహాల్లో ఒకేలా కనిపించేవాళ్ళు ఒకేచోట చేరుతున్నారని, ఆఫ్రికా వాళ్ళు ఆఫ్రికా వాళ్ళతో, పాకిస్తాన్ వాళ్ళు పాకిస్తాన్ వాళ్ళతో అలా. అమెరికా నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి రంగు సంగతి నా కంటికి త్వరగా ఆనుతుందని కూడా చెప్పాడు. అది ఎవరూ బలవంతపెట్టి చేసింది కాదు, వాళ్ళంతట వాళ్ళే అలా చేరారని వివరణ ఇచ్చాడు. నిజాయితీగల సాక్షి ఆయన. సమత గురించి అంత బలంగా చెబుతూ, దానికి ఎదురు నిలిచే దృశ్యాన్ని కూడా దాచలేదు.

ఈ దృశ్యాన్ని ఏం చేయాలి? 1991లో జాన్ ఈడ్, మైకేల్ సల్నో తెచ్చిన వ్యాస సంకలనం ఇక్కడ పనికొస్తుంది. సల్నో ఆండీస్ పర్వతాల్లో యాత్రల్ని పరిశీలించినవాడు. యాత్రలో గుంపుల మధ్య గీతలు చెరిగిపోవడమే కాదు, కొన్నిసార్లు మరింత ముదురుతాయని చూపించాడు. యాత్రాస్థలం అందరూ తలా ఒక అర్థం తెచ్చి పోటీపడే చోటని ఆ సంకలనం వాదన. దీన్ని పట్టుకుని టర్నర్ తప్పు, వీళ్ళు ఒప్పు అని తీర్పు రాసేయకండి. ఒకే మనిషి కథనంలో రెండూ ఉన్నాయి కదా. నా అభిప్రాయం చెబుతాను. మాల్కమ్ ఎక్స్‌కు మనుషులు విడివిడిగా కూర్చోవడం సమతకు అడ్డు కాలేదు. ఎవరూ ఎవర్నీ వెళ్ళగొట్టకపోతే చాలన్నాడు. అంటే ఆయన సమత టర్నర్ చెప్పిన కరిగిపోవడం కాదు. తేడాలు ఉంటూనే అవమానం లేకపోవడం. ఇది సిద్ధాంతం నుంచి రాదు, కథనం నుంచే వస్తుంది. ఇలాంటి ఒక్క వాక్యం దొరికితే మీ పేపరు నిలబడినట్టే.

ప్రతిపాదన వాక్యం ఇలా ఉండొచ్చు. "మాల్కమ్ ఎక్స్ హజ్ కథనంలో హోదా కోల్పోయిన గడప స్థితి జెద్దా విమానాశ్రయంలో కనిపిస్తుంది, సమత గురించిన మాట మాత్రం హోదా తిరిగి దొరికాక మక్కా నుంచి వస్తుంది. ఈ ఎడం వల్ల ఆ సమత యాత్రలో దొరికిన అనుభవంగానే కాక, అమెరికా పాఠకుల కోసం కట్టిన వాదనగా కూడా పనిచేస్తుంది." కొంచెం పొడుగే, కానీ ప్రతి ముక్కకూ మూలపాఠంలో వేలు పెట్టి చూపించవచ్చు. దీన్ని ఎవరైనా కాదనగలరు కూడా. ఎవరూ కాదనలేని వాక్యం ప్రతిపాదన కాదు.

మాటల పంపకం గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ప్రశ్న, ప్రతిపాదన కలిపి 200 మాటలు. సిద్ధాంతానికి మరో 200, అంతకు మించొద్దు. విమానాశ్రయానికి 450, లేఖకు 400. రంగుల గుంపుల దృశ్యానికి 150. మిగిలిన వందా ముగింపుకు. మాల్కమ్ ఎక్స్ జీవితకథకు చోటు ఇవ్వలేదు, గమనించారా? పుట్టుక, జైలు, హత్య అంటూ మొదలుపెడితే పేజీ అక్కడే నిండిపోతుంది.

రెండు జాగ్రత్తలు. లేఖ యాత్రలో ఉండగా రాసింది. ఆత్మకథ అలా కాదు. దాన్ని ఆయన రచయిత అలెక్స్ హేలీకి చెబితే హేలీ రాశాడు. 1965 ఫిబ్రవరిలో హత్య జరిగాక ఆ ఏడాదిలోనే పుస్తకం అచ్చయింది. కాబట్టి విమానాశ్రయంలోని ఆ సిగ్గు, ఆ నొప్పి, గడప దాటేసిన మనిషి వెనక్కి తిరిగి చూసి ఇంకొకరికి చెప్పినవి. "ఆ రాత్రి ఆయన ఇలా అనుభవించాడు" అని రాయకండి, "ఇలా గుర్తు చేసుకున్నాడు" అనండి. రెండోది, "జీవితంలో మొదటిసారి" అన్న మాట వాడే ముందు ఆగండి. 1959లోనే ఆయన సౌదీ అరేబియాతో సహా ఆ ప్రాంతాలు తిరిగొచ్చాడు. హఠాత్తుగా కళ్ళు తెరుచుకున్నాయనే రూపం మతమార్పిడి కథనాల్లో చాలా పాతది. ఆ రూపంలో చెప్పాడంటే అంతా కల్పన అని కాదు, ఆ రూపం ఏ సంగతుల్ని వెనక్కి నెట్టిందో చూడమని.

ముందు వరసలోని అమ్మాయి ఒక చీటీ పంపింది. "ఇలా విడగొట్టి చదవడం ఆయన విశ్వాసాన్ని అనుమానించడం కాదా?" అని. మంచి ప్రశ్న. ఆయన మనసులో ఏం జరిగిందన్నది మన పేపరు తేల్చలేదు, తేల్చకూడదు కూడా. దేవుడి సన్నిధి అనుభవమైందని యాత్రికుడు అంటే, దానికి సామాజిక కారణం చెప్పి కొట్టిపారేసే పని మనది కాదు. ఆహా అని తలూపడం కూడా మన పని కాదు. ఆ అనుభవాన్ని ఏ మాటల్లో, ఎవరికి, ఎప్పుడు చెప్పాడన్నది మన ముందున్న కాగితం మీద ఉంది. మనకు హక్కున్నది ఆ కాగితం మీదే. నిజానికి దగ్గరగా చదివిన కొద్దీ ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. తనకు ఇబ్బంది కలిగించే సిగ్గునూ, తన వాదానికి ఎదురు తగిలే దృశ్యాన్నీ రెంటినీ దాచకుండా చెప్పిన మనిషి.

చివరిగా ముగింపు పేరా. "ఈ విధంగా యాత్ర ఆయన్ని మార్చివేసింది" అని రాయకండి. లేఖ చివర సంతకం చూడండి. ఎల్ హజ్ మాలిక్ ఎల్ షబాజ్ అని కొత్త పేరు రాసి, దాని పక్కన కుండలీకరణాల్లో మాల్కమ్ ఎక్స్ అని పాత పేరు పెట్టాడు. హజ్ చేసినవాడిగా కొత్త స్థితి ఆ మొదటి పేరులో ఉంది. హార్లెంలో లేఖ చదివేవాళ్ళు గుర్తుపట్టే మనిషి ఆ రెండో పేరులో ఉన్నాడు. ఆ రెండు పేర్ల మధ్య నిలిచిన ఆ కుండలీకరణాల గురించి వంద మాటలు రాయండి.